మూడు సమితుల సమ్మేళనం: సూత్రమా, వెన్ చిత్రమా, ఏది మేలు?

అనంతపురం జిల్లాలో గార్లదిన్నె వైపు ఒక పల్లెలో 120 రైతు కుటుంబాలను ఏ పంటలు వేశారని అడిగినట్లు అనుకుందాం. ఈ సంఖ్యలు లెక్క కోసం నేను కల్పించుకున్నవే. 78 కుటుంబాలు శనక్కాయ వేశాయి, 52 కంది వేశాయి, 35 కుటుంబాలకు చీనీ తోటలున్నాయి. శనక్కాయ, కంది రెండూ ఉన్నవి 30, కంది, చీనీ రెండూ ఉన్నవి 12, శనక్కాయ, చీనీ రెండూ ఉన్నవి 15, మూడూ ఉన్నవి 7. ఈ మూడింటిలో కనీసం ఒక్కటైనా ఉన్న కుటుంబాలు, అంటే మూడు సమితుల సమ్మేళనంలోనివి, ఎన్ని అన్నది ప్రశ్న. శనక్కాయ చేలో కంది సాళ్లు వేయడం, చీనీ మొక్కలు చిన్నవిగా ఉన్నప్పుడు వాటి నడుమ శనక్కాయ వేయడం మన దగ్గర మామూలే కాబట్టి, 78, 52, 35లను నేరుగా కూడితే 165 వస్తుంది, ఊళ్లో ఉన్న కుటుంబాలకంటే ఎక్కువ.

ఇక్కడ విద్యార్థి ముందు రెండు దారులుంటాయి. మొదటిది సూత్రం. శనక్కాయ, కంది, చీనీ ఉన్న కుటుంబాల సమితులను వరుసగా A, B, C అనుకుంటే:

n(A∪B∪C) = n(A) + n(B) + n(C) − n(A∩B) − n(B∩C) − n(A∩C) + n(A∩B∩C)

165 నుంచి 30, 12, 15ల మొత్తమైన 57ను తీసివేస్తే 108, దానికి 7 కలిపితే 115 వస్తుంది. చివరి 7ను ఎందుకు కలుపుతామో చెప్పలేని విద్యార్థి పరీక్ష హాలులో ఆ గుర్తును తారుమారు చేస్తాడు. అందుకే ఒక్క కుటుంబాన్ని పట్టుకుని లెక్క చూడమని నేను చెబుతాను. మూడు పంటలూ ఉన్న కుటుంబం మొదటి కూడికలో మూడుసార్లు లెక్కకు వచ్చింది, జంటలను తీసివేసినప్పుడు మూడుసార్లూ పోయింది, అంటే ఇప్పుడది లెక్కలోనే లేదు, కాబట్టి ఒకసారి తిరిగి చేర్చాలి. సరిగ్గా రెండు పంటలున్న కుటుంబం రెండుసార్లు వచ్చి ఒకసారి పోయింది కనుక దాని లెక్క అప్పటికే సరిపోయింది.

రెండవది వెన్ చిత్రం. ఒకదానితో ఒకటి కలిసే మూడు వలయాలు గీసి, మధ్య భాగం నుంచి బయటికి నింపుకుంటూ రావాలి. నడిమి గదిలో 7 వేస్తాము. శనక్కాయ, కంది మాత్రమే ఉన్న గదికి 30 − 7 = 23, కంది, చీనీ మాత్రమే ఉన్న గదికి 12 − 7 = 5, శనక్కాయ, చీనీ మాత్రమే ఉన్న గదికి 15 − 7 = 8 వస్తాయి. ఆ తరువాత ఒక్క శనక్కాయే ఉన్నవి 78 − 23 − 8 − 7 = 40, ఒక్క కందే ఉన్నవి 17, ఒక్క చీనీయే ఉన్నవి 15. ఏడు గదులనూ కూడితే 115 అవుతుంది, వలయాల బయట 5 కుటుంబాలు మిగులుతాయి.

జవాబు ఒకటే అయినప్పుడు తక్కువ పని ఉన్న సూత్రమే మేలని చాలామంది అంటారు. అడిగింది సమ్మేళనం ఒక్కటే అయితే, ఇచ్చిన సంఖ్యలు నమ్మదగినవైతే, నేనూ ఆ మాటే అంటాను. అయితే సర్వే సంఖ్యలు ఎప్పుడూ అలా రావు. పై లెక్కలో చీనీ తోటలున్నవారు 35కు బదులు 18 అని పడిందనుకోండి. సూత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా 78 + 52 + 18 − 57 + 7 = 98 అని ఇస్తుంది. 98 అనేది 120 లోపే ఉంది కాబట్టి చూసేవారికి అనుమానం కూడా రాదు. అదే సంఖ్యలను చిత్రంలో నింపితే ఒక్క చీనీయే ఉన్న గదిలో 18 − 8 − 5 − 7 = −2 వస్తుంది, కుటుంబాల సంఖ్య రుణాత్మకం కావడం అసాధ్యం. చీనీతో పాటు మరో పంట ఉన్న కుటుంబాలే 8 + 5 + 7 = 20 ఉన్నప్పుడు చీనీ మొత్తం 18 ఎలా అవుతుంది? తప్పు 18లోనే ఉందో, 15లోనో 12లోనో ఉందో, నడిమి 7లో ఉందో చిత్రం చెప్పదు, కానీ చీనీ వలయంలోని సంఖ్యలను మళ్లీ చూడాలని మాత్రం స్పష్టంగా చూపుతుంది. సర్వే లెక్కలకు నేను చిత్రాన్నే ముందు పెట్టడానికి ప్రధాన కారణం ఇదే.

చిత్రం కూడా పట్టుకోలేని పొరపాటు మరొకటి ఉంది. ‘శనక్కాయ, కంది రెండూ వేసినవారు 30’ అన్నప్పుడు చీనీ కూడా ఉన్న ఆ 7 కుటుంబాలు అందులో ఉన్నాయా, లేవా? పాఠ్యపుస్తకాల వాడుకలో ఉన్నాయనే అర్థం, ఎందుకంటే ఛేదనం అంటే రెండు సమితుల్లోనూ ఉండడమే తప్ప మూడవదానిలో లేకపోవడం కాదు. కానీ వివరాలు రాసుకున్న మనిషి ఒక్కో కుటుంబాన్ని ఒక్క గడిలోనే వేసుకుంటూ పోయి ఉంటే, ఆ 30 ‘రెండు మాత్రమే’ అవుతుంది. అప్పుడు మూడు పంటలున్నవారు 165లో మూడుసార్లు లెక్కకు వచ్చి ఒక్కసారి కూడా పోలేదు కాబట్టి 57తో పాటు 7ను రెండుసార్లు తీసివేయాలి: 165 − 57 − 14 = 94. చిత్రంలో ఈ అర్థంతో నింపినా ఒంటరి గదుల్లో 26, 3, 1 వస్తాయి, ఒక్కటీ రుణాత్మకం కాదు. 115, 94లలో ఏది నిజమో తేల్చడానికి బయటి గదే దిక్కు. మూడింటిలో ఏదీ లేనివారు 5 అని సర్వేలో విడిగా రాసి ఉంటే, 115 + 5 = 120 సరిపోతుంది, 94 + 5 = 99 సరిపోదు. అందువల్ల ‘ఏదీ కాదు’ అన్న వరుసను వదిలేసిన పట్టికను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఆ ఒక్క వరుస ఉంటే అర్థంలోని సందేహం చాలాసార్లు తీరిపోతుంది.

ఇక సూత్రం స్పష్టంగా గెలిచే చోటు ఒకటుంది. ఏదీ లేనివారు 5 అని తెలిసి, మూడూ ఉన్నవారి సంఖ్య తెలియకపోతే, 115 = 165 − 57 + x అని రాసి x = 7 అని ఒక్క వరుసలో తేల్చవచ్చు. చిత్రంలో నడిమి గది నుంచి మొదలుపెట్టాలి, ఆ గదే తెలియదు కనుక x, 30 − x, 12 − x, 15 − x, 33 + x అంటూ ఏడు గదులనూ నింపి కూడితే చివరికి వచ్చేది అదే 108 + x. అయినా వచ్చిన x జంటల్లో అతి చిన్నదైన 12ను మించకూడదన్న పరీక్ష చిత్రాన్ని మనసులో ఉంచుకున్నవారికే వెంటనే తడుతుంది. x విలువ 14 అని వచ్చి ఉంటే, ఇచ్చిన సంఖ్యల్లో ఎక్కడో పొరపాటు ఉన్నట్లే.

‘సరిగ్గా ఒకే పంట వేసినవారెందరు’, ‘కంది వేసి చీనీ లేనివారెందరు’ వంటి ప్రశ్నలకు సూత్రాన్ని ప్రతిసారీ మార్చి రాసుకోవడం వృథా శ్రమ. నింపిన చిత్రం నుంచి 40 + 17 + 15 = 72 అనీ, 23 + 17 = 40 అనీ నేరుగా చదువుకోవచ్చు.

నాలుగవ పంటగా పొద్దుతిరుగుడును చేర్చితే పరిస్థితి మారుతుంది. సూత్రంలో పదాలు 7 నుంచి 15కు పెరుగుతాయి, కానీ పద్ధతి అదే: ఒంటరి సంఖ్యలను కలపాలి, జంటలను తీసివేయాలి, మూడేసి కలిసినవాటిని కలపాలి, నాలుగూ కలిసినదాన్ని తీసివేయాలి. చిత్రానికి మాత్రం 16 భాగాలు కావాలి. నాలుగు వలయాలను ఎలా గీసినా 14 భాగాలకు మించి రావు, కాబట్టి రెండు గదులు తప్పిపోతాయి. 1880లో జాన్ వెన్ ఈ చిత్రాలను ప్రతిపాదించినప్పుడే నాలుగు సమితులకు వలయాలు వదిలి దీర్ఘవృత్తాలు గీశాడు. అటువంటి చిత్రాన్ని నల్లబల్లపై తప్పు లేకుండా గీయడం నాకే కష్టం. అందుకని నాలుగు పంటల సర్వేకు కుటుంబానికొక వరుస చొప్పున, పంటకొక గడి చొప్పున 1 లేదా 0 రాసిన పట్టికను అడిగి తెచ్చుకుని, 1100, 1010 వంటి ఒక్కో వరుసక్రమం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతాను. అది దొరకక మొత్తాలు మాత్రమే చేతికి వస్తే, ఆ 15 పదాల సూత్రాన్నే వాడతాను.