పెళ్లి కబురు టీమ్‌కు చెప్పడం: మీటింగ్‌లో నోటిమాటా, మెయిలా, ఏది మేలు?

ఒకే టీమ్‌లో పనిచేస్తూ పెళ్లి చేసుకోబోతున్న జంటల నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. పెళ్లి కుదిరిందని, ఇద్దరమూ ఒకేసారి సెలవు పెడుతున్నామని, అందరినీ పిలవలేకపోతున్నామని తోటివారికి ఎలా చెప్పాలి? మీటింగ్‌లో అందరి ముందు చెప్పాలా, మెయిల్ రాయాలా, ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లాలా? ఏ పద్ధతి ఎంచుకున్నా మేనేజర్‌కు ముందుగా చెప్పి సెలవు ఖాయం చేసుకోవడం తప్పదు కాబట్టి దాని గురించి ఇక్కడ రాయడం లేదు. ఇద్దరిలో ఒకరు మరొకరి కింద పనిచేస్తున్నట్లయితే మాత్రం, సెలవు మాట ఎత్తకముందే హెచ్‌ఆర్‌కు తెలియజేయాలి.

మీటింగ్‌లో చెప్పడంలో ఉన్న ఆనందం మెయిల్‌లో ఉండదని మొదటే ఒప్పుకుంటాను. అందరూ ఒకేసారి వింటారు. నాకు ఆలస్యంగా తెలిసిందని నొచ్చుకునేవారు ఉండరు. అయితే శుభాకాంక్షలు పూర్తికాకముందే ఎవరో ఒకరు ‘పెళ్లెప్పుడు, ఎక్కడ?’ అని తప్పకుండా అడుగుతారు. ‘అన్నవరంలో, గురువారం రాత్రి ముహూర్తం’ అని జవాబిచ్చామంటే, వినేవారు దాన్ని పిలుపుగానే తీసుకుంటారు. మన ఇళ్లలో ముహూర్తమూ వేదికా నోరారా చెప్పేది పిలవడానికే కదా. వెంటనే ఇద్దరు ముగ్గురు ‘తప్పకుండా వస్తాం’ అంటారు, ఒకరు రైలు టికెట్ల సంగతి ఎత్తుతారు. అంతమంది ముందు ‘లేదండీ, మిమ్మల్ని పిలవడం లేదు’ అని ఎవరూ అనలేరు కనుక ‘రండి’ అనేస్తారు. కొండమీద సత్రం గదులు, భోజనాల లెక్క ఇరువైపుల పెద్దలూ అప్పటికే తేల్చి ఉంటారు. ఆ తర్వాత నొచ్చుకునేది టీమ్ ఒక్కటే కాదు.

నా దృష్టిలో ఎంపికను తేల్చే అంశం ఇదే. టీమ్‌కు పని కోసం కావలసినవి సెలవు తేదీలు. పెళ్లి ముహూర్తమూ వేదికా పిలిచినవారికి కావలసినవి. ఈ రెండింటినీ విడిగా ఉంచే పద్ధతి ఏదో అదే మేలు. నోటిమాటలో అవి కలిసిపోకుండా ఆపడం చాలా కష్టం. మెయిల్‌లో ఏది రాయాలో, ఏది రాయకూడదో ముందే నిర్ణయించుకోవచ్చు. అందుకే నా మొగ్గు మెయిల్ వైపే.

సెలవు తేదీల విషయంలోనూ రాతకే బలం ఎక్కువ. మన ముహూర్తాలు తరచుగా అర్ధరాత్రి దాటాక వస్తాయి. శుభలేఖలో ‘18వ తేదీ గురువారం రాత్రి 2 గంటలకు, తెల్లవారితే శుక్రవారం’ అని ఉంటుంది. ఆఫీసు క్యాలెండర్ ప్రకారం అప్పటికే 19 వచ్చేసింది. నోటితో ‘గురువారం పెళ్లి, వారం రోజుల సెలవు’ అని చెబితే, ఎవరు ఏ రోజు తిరిగి వస్తారో ఒక్కొక్కరు ఒక్కో రకంగా లెక్కవేసుకుంటారు. అందుకే పెళ్లి రోజు నుంచి లెక్క చెప్పకుండా, చివరగా పనిచేసే రోజూ తిరిగి పనిలో చేరే రోజూ తేదీతో, వారంతో సహా రాయాలి.

ఈ ఉదాహరణనే ముందుకు తీసుకువెళదాం. ఫిబ్రవరి 17 బుధవారం ఉదయం పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ చేస్తారు కాబట్టి ఇద్దరి సెలవూ ఆ రోజే మొదలవుతుంది. వరుడి ఇంట సత్యనారాయణ వ్రతం, ఆ పైన మనుగుడుపులు అయ్యేసరికి సోమవారం వస్తుంది. ఇద్దరిలో ఒకరు 24 బుధవారం, మరొకరు మార్చి 1 సోమవారం పనిలో చేరితే, ఇద్దరూ లేని పనిదినాలు అయిదే. ఇద్దరూ మార్చి 1 దాకా ఆగితే అవి ఎనిమిది. ఏడెనిమిది మంది ఉన్న టీమ్‌లో ఆ మూడు రోజుల తేడా చిన్నది కాదు. ఎవరు ముందు వస్తారన్నది పెళ్లికూతురే త్యాగం చేయాలన్న లెక్కతో కాక, ఎవరి పనిని మరొకరికి అప్పగించడం కష్టమో చూసి తేల్చుకోవాలి. మెయిల్ పంపేముందు చూడవలసినవి ఇంకా రెండున్నాయి. కొన్ని సంస్థల్లో సెలవుల మధ్య వచ్చే శని, ఆదివారాలను కూడా సెలవుగానే లెక్కిస్తారు. పదహారు రోజుల పండుగను పెద్దలు గురువారం నుంచి లెక్కిస్తే అది మార్చి 5 శుక్రవారం అవుతుంది, శుక్రవారం నుంచి లెక్కిస్తే 6 శనివారం అవుతుంది. ఇంట్లో అడగకుండా తేదీలు పంపితే తర్వాత మరో రోజు సెలవు అడగవలసి రావచ్చు.

మెయిల్ ఇలా ఉంటే సరిపోతుంది:

‘అందరికీ నమస్కారం. మేమిద్దరం ఫిబ్రవరిలో పెళ్లి చేసుకుంటున్నాం. ఇద్దరమూ ఫిబ్రవరి 16 మంగళవారం సాయంత్రం వరకు పనిలో ఉంటాం. మాలో ఒకరు 24 బుధవారం, మరొకరు మార్చి 1 సోమవారం తిరిగి వస్తారు. ఈలోపు మా పనులు ఎవరు చూస్తారో కింద రాశాం. వారితో ఇప్పటికే మాట్లాడాం. పెళ్లి దగ్గరి బంధువుల మధ్య చిన్నగా జరుగుతోంది కాబట్టి ఆఫీసు నుంచి ఎవరినీ పిలవలేకపోతున్నాం. దయచేసి కానుకల కోసం డబ్బు పోగుచేయవద్దని కోరుతున్నాం. తిరిగి వచ్చాక అందరం కలిసి భోజనం చేద్దాం.’

ఇందులో వేదిక లేదు, ముహూర్తం లేదు, శుభలేఖ జతచేయలేదు. పిలవడం లేదన్న వాక్యాన్ని మెత్తబరచాలని ‘వీలైతే రండి’ అనో, ‘మీ ఆశీస్సులు కావాలి’ అనో చేర్చాలనిపిస్తుంది. మొదటిది అబద్ధమవుతుంది, రెండోది శుభలేఖ భాష కాబట్టి మళ్లీ పిలుపులా వినిపిస్తుంది. కానుకల మాట తప్పక రాయాలి. లేకపోతే పిలుపు అందనివారి దగ్గర కూడా ఎవరో ఒకరు చందా వసూలు చేస్తారు, అది ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ఇబ్బందే.

ఆఫీసు నుంచి కొందరినే పిలవదలిస్తే పైన రాసిన ‘ఎవరినీ’ అన్న మాట చెల్లదు. అప్పుడు ‘అందరినీ పిలవలేకపోతున్నాం’ అని రాసి, పిలిచేవారికి శుభలేఖను ఆఫీసులో కాక వారి ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి ఇవ్వడం మర్యాద. ఏడుగురిలో ఇద్దరిని పిలిస్తే వారు దగ్గరి స్నేహితులని మిగతావారు అర్థం చేసుకుంటారు. అయిదుగురిని పిలిచి ఇద్దరిని వదిలేస్తే ఆ ఇద్దరికీ అది వెలివేతలాగే తగులుతుంది. ఆ పరిస్థితి వస్తే ఏడుగురినీ పిలవాలి, లేదా ఎవరినీ పిలవకూడదు.

ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లి చెప్పడం మంచి పద్ధతే గానీ, మూడోవారికి చెప్పేలోగా ఏడోవారికి ఎలాగూ తెలిసిపోతుంది. వాట్సాప్ గ్రూపులో శుభలేఖ ఫొటో పెట్టడం అసలు వద్దు, దానిలో వేదికా ముహూర్తమూ రెండూ ఉంటాయి.

నలుగురైదుగురే ఉన్న టీమ్‌లో అందరినీ పిలుస్తున్నప్పుడు మాత్రం నేనూ నోటిమాటనే ఎంచుకుంటాను. అక్కడ దాచవలసినదేమీ లేదు కాబట్టి కబురూ పిలుపూ ఒకేసారి చెప్పి, శుభలేఖలు చేతికిచ్చి, సెలవు తేదీలను మాత్రం ఆ సాయంత్రమే మెయిల్‌లో పంపితే చాలు.