స్టే ఇంటర్వ్యూ: హెచ్‌ఆర్ అడిగితే మేలా, మేనేజరు అడిగితే మేలా?

పరవాడ ఫార్మాసిటీలోని ఒక మందుల కంపెనీలో నేను మందుల నాణ్యతను పరీక్షించే క్యూసీ ల్యాబ్‌కు మేనేజరుగా పనిచేసిన రోజుల్లో, ఆరేళ్ల అనుభవమున్న ఒక అనలిస్టును రెండు నెలల తేడాతో ఇద్దరం ఒకే సంగతి అడిగాం. మొదట హెచ్‌ఆర్ అధికారి అడిగారు, తరువాత నేను అడిగాను. మీరు ఇక్కడ ఉండడానికి కారణమేమిటి, ఏది మారకపోతే వేరే చోటు చూస్తారు అన్నదే ఇద్దరి ప్రశ్న. వచ్చిన జవాబులు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు చెప్పినట్టున్నాయి.

రాజీనామా చేసినవారిని ఎందుకు వెళ్తున్నారని అడగడం చాలా కంపెనీల్లో ఉంది. దానివల్ల తెలిసేది చాలా తక్కువ. ఆ సమయానికి ఉద్యోగికి రావలసిన రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియెన్స్ లెటరు, ఆఖరి లెక్కల డబ్బు అన్నీ కంపెనీ చేతిలోనే ఉంటాయి. అందుకే దాదాపు అందరూ మెరుగైన అవకాశం వచ్చిందనో, ఇంటి కారణాలనో రాసి సంతకం పెడతారు. ఉద్యోగి మనసులో వెళ్లే ఆలోచన గట్టిపడకముందే కూర్చోబెట్టి అడగడమే స్టే ఇంటర్వ్యూ. అడగాలా వద్దా అన్న విషయంలో నాకు సందేహం లేదు. ఎవరు అడగాలన్నదే అసలు ప్రశ్న.

మా హెచ్‌ఆర్ అధికారి మంచి మనిషి, శ్రద్ధగా చేశారు. పన్నెండు ప్రశ్నల ఫారం తీసుకుని తమ గదిలో అరగంట మాట్లాడారు. పని వాతావరణం ఎలా ఉంది అంటే బాగుంది అని ఆమె చెప్పింది. పై అధికారులతో ఇబ్బంది ఉందా అంటే లేదంది. ఇంకా ఏమైనా ఉందా అంటే ఇంక్రిమెంటు కొంచెం పెంచితే బాగుంటుందని, క్యాంటీన్ మెరుగుపడాలని చెప్పింది. ఫారం చివర ‘వెళ్లే అవకాశం: తక్కువ’ అని రాసి ఫైలులో పెట్టారు.

రెండు నెలల తరువాత నేను అడిగినప్పుడు కూడా మొదటి పది నిమిషాలు అంతే. బాగుంది సార్, ఏమీ ఇబ్బంది లేదు సార్ అనే చెప్పింది. అప్పుడు ప్రశ్న మార్చాను. “చివరిసారి రెజ్యూమె తెరిచింది ఎప్పుడు? ఆ రోజు ఏమైంది?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. “హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు అడిగితే పంపుదామని తెరిచాను సార్. గత రెండేళ్లలో కొత్తగా రాయడానికి ఒక్క లైను కూడా లేదు. మూసేశాను.”

ఆ మాటకు కారణం నేనే. మొదటి మూడేళ్లు ఆమె కొత్త పరీక్షా పద్ధతులు సరిగా పనిచేస్తాయని నిరూపించే వ్యాలిడేషన్ చేసేది. మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ నమూనాల పని పెరిగాక, తప్పు చేయని మనిషి కదా అని ఆ పని అంతా ఆమెకే అప్పగించాను. నెలనెలా అవే మందులు, అవే పరీక్షలు. విలువైన ఉద్యోగి విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఇదే: నమ్మకం ఎక్కువైనకొద్దీ పని ఇరుకవుతుంది. మేనేజరు దాన్ని గౌరవమనుకుంటాడు, ఉద్యోగికి అది ఆగిపోవడంగా తోస్తుంది.

రెండో సంగతి ఇంకా చిన్నది. సాయంత్రం, మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంపై నమూనాలను వరుసగా పరీక్షిస్తూ రాత్రంతా నడిచే సీక్వెన్స్ పెట్టి, మొదటి ఇంజెక్షన్లు సరిగా వచ్చాయో లేదో చూశాకే ఇంటికి వెళ్లాలని మా ల్యాబ్ పద్ధతి. జనరల్ షిఫ్టు బస్సు ఐదూముప్పావుకు కదులుతుంది. గ్రాఫులో పీకు సరిగా రాకపోతే యంత్రంలోని కాలమ్ కడిగి మళ్లీ మొదలుపెట్టాలి, బస్సు తప్పుతుంది. తరువాతి బస్సు రాత్రి పదింటి తరువాతే. నెలలో నాలుగైదుసార్లు ఆమె ఆటోలు మారి గాజువాక చేరుతోంది. ఇది నాకు తెలియదు. ఆమె నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇవే మాటలు హెచ్‌ఆర్‌కు ఎందుకు చెప్పలేదన్నది చాలా రోజులు ఆలోచించాను. సీక్వెన్స్ అంటే ఏమిటో తెలియని మనిషికి బస్సు ఎందుకు తప్పుతోందో వివరించడానికే పది నిమిషాలు పడుతుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. తన పని మూసలో పడిందని హెచ్‌ఆర్‌తో అంటే అది నా మీద ఫిర్యాదు అవుతుంది. హెచ్‌ఆర్ ఆ మాట నా దగ్గరికి తెస్తే ఆమె ఎంత మెత్తగా చెప్పినా నాకు చేరేసరికి గట్టిపడుతుంది. అదే నాతో నేరుగా అంటే ఒక కోరిక మాత్రమే.

పైగా సమస్యకు పరిష్కారం ఎవరి దగ్గరుందన్నదీ చూడాలి. రోజువారీ పని పంపకం, షిఫ్టు, సెలవు, నేర్చుకునే అవకాశం, ఎవరి పక్కన పనిచేయాలన్నది మేనేజరు చేతిలో ఉంటాయి. జీతం, గ్రేడు, బదిలీ, కంపెనీ నియమాలు హెచ్‌ఆర్ వైపు ఉంటాయి. మనిషి ఉండాలా వెళ్లాలా అని తేల్చే సంగతుల్లో ఎక్కువ భాగం మొదటి వైపే ఉంటాయని నా అనుభవం. కాబట్టి మామూలు పరిస్థితిలో మేనేజరే అడగడం మేలని నా తీర్పు.

అయితే ఈ తీర్పు చెల్లని చోట్లు ఉన్నాయి. మేనేజరే కారణమైతే ఉద్యోగి అతని ఎదుట ఎలా చెబుతాడు? ఏడాది చివర రేటింగు వేసేది అతనే కదా. దీన్ని కనిపెట్టడానికి హెచ్‌ఆర్ గత రెండేళ్ల రాజీనామాలను జట్టులవారీగా రాసుకుంటే చాలు. ఒకే రకం పని, ఒకే రకం జీతం ఉన్న రెండు జట్లలో ఒకదాని నుంచి నలుగురు వెళ్లి, రెండోదాని నుంచి ఎవరూ వెళ్లకపోతే, మొదటి జట్టు మేనేజరును ఈ సంభాషణకు పంపకూడదు. అక్కడ హెచ్‌ఆర్ గానీ, మేనేజరుకు పై అధికారి గానీ కూర్చోవాలి. వీరిద్దరిలో నేను పై అధికారివైపే మొగ్గుతాను. పని తెలుసు, మార్చే అధికారమూ ఉంటుంది. కానీ ఆ జట్టులో అందరితోనూ మాట్లాడాలి. ఒక్కరినే పిలిస్తే ఎవరు చెప్పారో మేనేజరుకు ఇట్టే తెలిసిపోతుంది.

మౌనంగా వినలేని మేనేజరు కూడా పనికిరాడు. మా పక్క విభాగంలో ఒకాయన ప్రతి మాటకూ సమాధానం చెప్పుకున్నాడు. ఓవర్‌టైము ఎక్కువగా ఉందని అబ్బాయి అంటే, ఆడిట్ ఉంది కాబట్టి తప్పలేదన్నాడు. సెలవు దొరకడం లేదంటే, అందరికీ అంతేనన్నాడు. నలభై నిమిషాల్లో ముప్పై నిమిషాలు ఆయనే మాట్లాడాడు. ఆ తరువాతి నెలలోనే అబ్బాయి రాజీనామా ఇచ్చాడు. సంభాషణ దారి తప్పిందని తెలుసుకునే గుర్తు ఇదే: ఉద్యోగి జవాబులు పొడవు తగ్గుతూ ‘సరే సార్’ దగ్గర ఆగిపోతాయి.

ఎప్పుడు అడగాలన్నదాంట్లోనూ రెండు దారులున్నాయి. అప్రైజల్‌తో కలిపితే సమయం కలిసివస్తుందని చాలామంది అలాగే చేస్తారు. నాకది నచ్చదు. ఇంక్రిమెంటు లెటరు కోసం ఎదురుచూస్తున్న మనిషి ఆ గదిలో చెప్పే ప్రతి మాటా బేరంలో భాగమవుతుంది, లేదా భయంలో మునిగిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లలో అప్రైజల్ జరిగే కంపెనీలో ఆగస్టు, సెప్టెంబరు మంచి సమయం. ఇంకో సందర్భం కూడా గమనించదగ్గది. సాధారణంగా గ్రాట్యుటీకి ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. ఆ గీత దాటేవరకు ఓపికపట్టి, దాటాక బయట చూసేవారు ఉంటారు. అందుకని నాలుగున్నరేళ్ల దగ్గర ఒకసారి తప్పక కూర్చుంటాను.

పిలిచే తీరు కూడా ముఖ్యం. ఉన్నట్టుండి ‘ఒకసారి రండి, మాట్లాడాలి’ అంటే ఉద్యోగం పోతోందేమోనని రాత్రంతా నిద్రపోరు. రెండు రోజుల ముందు, ఇది రేటింగుకు సంబంధించినది కాదని, మీ పని మీకు ఎలా ఉందో తెలుసుకోవాలనుందని చెప్పాలి. అద్దాల క్యాబిన్ కాకుండా ట్రైనింగ్ గదిలో, నలభై నిమిషాలు. ఫారం చేతిలో ఉండకూడదు. ఎలా ఉంది అన్న ప్రశ్నకు బాగుంది అనే జవాబే వస్తుంది. జరిగిన రోజు గురించి అడిగితే జరిగినదే వస్తుంది. గత నెలలో ఇంటికి వెళ్తూ తృప్తిగా అనిపించిన రోజు ఏదని మొదలుపెడతాను. చిరాకుతో వెళ్లిన రోజు గురించి తరువాత అడుగుతాను. రెజ్యూమె ప్రశ్న చివరిది, అదీ ముందు జవాబులు తెరుచుకున్నాకే.

జీతం మాట వస్తే తప్పించుకోకూడదు, హామీ ఇవ్వనూ కూడదు. “నా చేతిలో లేదు. వచ్చే 15వ తేదీలోగా అడిగి, అవునన్నా కాదన్నా మీకు చెబుతాను” అంటే చాలు, ఆ రోజు చెప్పగలిగితే. అడిగి మరిచిపోవడం అసలు అడగకపోవడం కంటే చెడ్డది. అడగనంతకాలం మేనేజరుకు తెలియదేమో అన్న ఆశైనా ఉంటుంది.

హెచ్‌ఆర్‌కు ఇందులో పని లేదని కాదు. మేనేజర్లకు వినడం నేర్పాలి, ఎవరితో ఎప్పుడు మాట్లాడాలో జాబితా ఉంచాలి, పేర్లు లేకుండా సంగతులు మాత్రం సేకరించి కలిపి చూడాలి. బస్సు సంగతి ఒక్క ల్యాబ్‌లో విన్నప్పుడు చిన్నది. మూడు విభాగాల నుంచి అదే వినిపిస్తే రూటు మార్చమని అడగడానికి హెచ్‌ఆర్ దగ్గరే ఆధారం ఉంటుంది.

మా సంభాషణ ముగిసేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద రాసి ఆమెకు చూపించాను. సీక్వెన్స్‌లు సాయంత్రం నాలుగులోపే మొదలవ్వాలని, ఐదు తరువాత చూసే పని రిజిస్టరులో రాసి బీ షిఫ్టు అనలిస్టుకు అప్పగించాలని పద్ధతి మార్చడం మొదటిది. దానికి నాణ్యతా పద్ధతులను పర్యవేక్షించే క్యూఏ విభాగం ఆమోదం రావడానికి మూడు వారాలు పట్టింది. రాబోయే రెండు వ్యాలిడేషన్లలో ఒకటి ఆమెకు ఇచ్చి, స్టెబిలిటీ పనిలో సగం ఇంకొక అనలిస్టుకు నేర్పించడం రెండోది. దానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ నివేదికలు ఆలస్యమయ్యాయి. మూడోది గ్రేడు మార్పు. అడిగాను, ఆ ఏడాది కుదరదన్నారు. అదే వారం ఆమెకు చెప్పాను.

ఆమె మరో రెండేళ్లు మాతో ఉంది. తరువాత హైదరాబాద్ వెళ్లింది. ఈసారి రాజీనామా మెయిలుతో కాకుండా ఐదు నెలల ముందే వచ్చి, “రెజ్యూమె తెరిచాను సార్” అని చెప్పింది.