మూడేండ్ల వాడకం తర్వాత: ఆ లూప్ వెనక నుంచే తిరగాలె

వరంగల్ శివార్ల ఉన్న మా వరి విత్తనాల ప్యాకింగ్ లైన్‌ల 24 జాగలు. స్ప్రాకెట్ దగ్గరి సెన్సర్ ఒక్క పల్స్ ఇచ్చిందంటే ప్యాలెట్లన్నీ ఒక జాగ ముందుకు జరిగినట్టు. లైన్ నడిపే PLC ప్రోగ్రాంను లాడర్ బొమ్మల్ల 24 రంగ్‌లుగ రాసి విసిగిపోయి, కోడ్ లైన్లుగ రాసే స్ట్రక్చర్డ్ టెక్స్ట్‌కు వచ్చిన. బ్యాచ్ నంబరు, బరువు, రిజెక్ట్ గుర్తు కలిపి ఒక స్ట్రక్చర్, అట్లాంటివి 24 ఒక అర్రే, దాన్ని జరిపే లూప్ మూడే లైన్లు. ఇంత సుఖం ఇంకోటి లేదని అందరికీ చెప్పుకున్న.

ఆ సుఖమే నన్ను మూడు వారాలు మోసం చేసింది. నేను మొదట రాసింది ఇది:

```
FOR i := 2 TO 24 DO
  Slot[i] := Slot[i-1];
END_FOR
```

ట్రయల్‌ల ప్యాలెట్లన్నీ సరైన బరువువే, అంతా బాగనే నడిచింది. 40 సంచులు ఉండాల్సిన ప్యాలెట్ 39తోని వస్తే 18వ జాగల పుషర్ పక్కకు నెట్టాలె. నెట్టింది కూడా. తక్కువ బరువువి రోజుకు ఎన్ని వస్తే రిజెక్టులు గూడ అన్నే, కౌంటర్ల లెక్క సరిగ్గా కలిసింది. ఇంక అనుమానం ఎట్ల వస్తది?

హమాలీ మేస్త్రి ఒకరోజు పిలిచిండు. "సారూ, పక్కకు నెట్టిన ప్యాలెట్ల సంచులన్నీ సరిగనే ఉన్నయి గద?" మళ్ళ తూకం వేసినం. పూర్తి వెయ్యి కిలోలు.

అసలు జరిగింది ఇదీ. 1ల ఉన్నది 2కు పోతది, లూప్ అప్పుడే మారిన ఆ 2నే 3కు పంపుతది, అట్లనే 24 దాకా. ఒక్క పల్స్‌ల అన్ని జాగలకూ ఒకే ముద్ర. తక్కువ బరువు ప్యాలెట్ ఇంకా 2వ జాగల ఉంటే, 18ల నిలబడ్డ పాపం తెలువని ప్యాలెట్ బయటికి పోయింది. తర్వాతి పల్స్‌కు మంచి ప్యాలెట్ డేటా అందరి మీద పరుచుకుంది, తప్పుది హాయిగ లారీ ఎక్కింది. అందుకే ఒకటికి ఒకటి లెక్క కుదిరింది.

```
FOR i := 24 TO 2 BY -1 DO
  Slot[i] := Slot[i-1];
END_FOR
```

చివరిది ముందు ఖాళీ చేస్తే తీరింది. ఇప్పుడు ఏ లైన్ చూసినా మొదట ఒకే ఒక్క 39 సంచుల ప్యాలెట్ పంపి, PLCతోని ఆన్‌లైన్‌ల ఉండి అర్రే తెరిచి ఆ గుర్తు ఒక్క జాగలనే నడుస్తుందా అని చూస్త.

మొదట్ల ఎక్కువ పొగిడినట్టున్న. ఎవరన్న ఫోర్క్‌లిఫ్ట్‌తోని మధ్యల ప్యాలెట్ ఎత్తుకపోతే అర్రేకు తెలువది, దాని డేటా దయ్యంలెక్క ముందుకు పోతనే ఉంటది. అందుకే 17 దగ్గర ఫొటో సెన్సర్ పెట్టి, ప్యాలెట్ లేకుంటే ఆ జాగ డేటా తుడిచేస్తున్న. కరెంటు పోతే అర్రే ఖాళీ కాకుండ `RETAIN` పెట్టుకోవాలె, నాకది రెండో కరెంటు కోతకు గుర్తొచ్చింది.

24 జాగలు, ప్యాలెట్ల మధ్య సమాన దూరం ఉన్న మా లైన్‌కు ఇది చాలు. ప్యాలెట్లు మధ్యల ఆగి ఒకదానికొకటి ఆనుకునే లైన్లకు మాత్రం నేనైతే ఇది పెట్టను.