రెన్యువల్ తేదీ రాసుకుని హాయిగా కూర్చున్నారా? నాలాగే మునుగుతారు

ఏ కంపెనీ అని అడగొద్దు, అందరిదీ ఇదే వరస. నా బీమా పాలసీ ఆటో రెన్యువల్ జూన్ 20న. పాలసీలు, సబ్‌స్క్రిప్షన్లు రాసుకునే స్ప్రెడ్‌షీట్‌లో చక్కగా రంగు వేసి మరీ రాసుకున్నాను. పదిహేను రోజుల ముందే, జూన్ 5న ఫోన్ చేసి వద్దన్నాను. అవతలి ఆవిడ ఎంత తియ్యగా చెప్పిందో: "30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి సార్, మే 21తోనే గడువు అయిపోయింది. వచ్చే ఏడాది కాస్త ముందుగా చేయండి." వచ్చే ఏడాదట! మొదటి ఏడాది తగ్గింపు ఎగిరిపోయి ప్రీమియం ఒకటిన్నర రెట్లయింది. "నోటీసు సంగతి ఎక్కడ చెప్పారు" అంటే, "కండిషన్స్‌లో ఉంది కదా సార్". ఉంది, నిజమే. నేను చదవలేదు. అంత తెలివి నాది.

షీట్‌లో ఉండాల్సిన అసలు తేదీ రెన్యువల్‌ది కాదు, మానేయడానికి ఆఖరిది. B లో రెన్యువల్ తేదీ, C లో నోటీసు రోజులు పెట్టి, D లో ఇది వేయండి:

```
=B2-C2-3
```

ఆ 3 రోజులు ఎందుకంటే గడువు సెలవు రోజున పడొచ్చు, వాళ్ల ఫోన్ ఆఫీసు వేళల్లోనే పలకొచ్చు. నా లెక్కకు వేస్తే మే 18 వచ్చేది. షీట్‌ను B తో కాదు, D తో సార్ట్ చేయండి. రెన్యువల్ ఒకే రోజున ఉన్నా, 30 రోజుల నోటీసు ఉన్నది ఒక్క రోజు నోటీసు ఉన్నదానికంటే చాలా పైకి వచ్చేస్తుంది.

తేదీలతో ఇంకో తంటా ఉంది. 05/06 అని కొడితే అది జూన్ 5 అవుతుందో మే 6 అవుతుందో షీట్ లొకేల్ సెట్టింగ్ మీద ఆధారపడుతుంది. కొన్ని తేదీలు మామూలు అక్షరాలుగా ఉండిపోయి సార్ట్‌లో చివరకు పోతాయి. `=ISNUMBER(B2)` వేస్తే FALSE వచ్చినవన్నీ అలాంటివే. 2026-06-20 పద్ధతిలో కొడితే ఈ గొడవ ఉండదు.

ఖర్చు కాలమ్‌లో పోయినేడు కట్టింది రాయకండి, ఈసారి పడబోయేది రాయండి. తగ్గింపు పోయాక ఎంతవుతుందో సాధారణంగా ప్లాన్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 28 రోజుల ప్లాన్‌ను 12 తో గుణించేవాళ్లు చాలామంది, అది ఏడాదికి 13 సార్లు పడుతుంది. 250 అయితే 3000 కాదు, 3250.

ఇక మిగిలినవి గబగబా. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపాల్సిందే. బీమా అయితే కొత్త పాలసీ ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో కాగితం మీద చూశాకే పాతది వదలండి, మధ్యలో ఒక్క రోజు ఖాళీ ఉన్నా ఆ రోజు జరిగినదానికి ఎవరూ కట్టరు. మానేశాక వచ్చే ఈమెయిల్ తేదీకి ఒక కాలమ్ పెట్టండి. "చేసేశాం సార్" అని ఫోన్‌లో అన్నది అందులో రాయకండి.