కేంద్రకానికి అడ్డుపడే ఎలక్ట్రాన్లు: లెక్కించే మూడు పద్ధతుల్లో ఏది మేలు?

పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్తే పరమాణువు చిన్నదవుతుంది, అయనీకరణ శక్తి పెరుగుతుంది. గ్రూపులో పై నుంచి కిందికి వస్తే రెండూ తిరగబడతాయి. ఇది చాలామందికి కంఠతా వచ్చు. కారణం అడిగినా, కేంద్రకం లాగుతుంది, లోపలి ఎలక్ట్రాన్లు అడ్డుపడతాయి అని చెప్పేస్తారు. ఎంత అడ్డుపడతాయి అని అడిగితేనే మాట తడబడుతుంది.

అల్యూమినియం, గాలియం తీసుకోండి. రెండూ ఒకే గ్రూపు, రెండింటికీ బయటి కర్పరంలో మూడే ఎలక్ట్రాన్లు. గాలియంకి ఒక కర్పరం ఎక్కువ కనుక అది పెద్దదిగా ఉండాలి, దాని ఎలక్ట్రాన్ తేలిగ్గా ఊడిరావాలి. కానీ మొదటి అయనీకరణ శక్తి అల్యూమినియంకి 5.99 ఎలక్ట్రాన్ వోల్టులు, గాలియంకి 6.00. సమయోజనీయ వ్యాసార్ధాలు 121, 122 పికోమీటర్లు. ఒక కర్పరం మొత్తం పెరిగినా ఏమీ మారనట్టే ఉంది. అడ్డును లెక్కించే ఏ పద్ధతి అయినా ఈ జంట దగ్గర నిలబడాలి. వాడుకలో ఉన్న మూడు పద్ధతులనూ ఇక్కడికే తీసుకొచ్చి చూద్దాం.

మొదటిది అందరికీ తెలిసినది: పరమాణు సంఖ్యలోంచి లోపలి కర్పరాల ఎలక్ట్రాన్లన్నీ తీసేయడం. లోపలి ప్రతి ఎలక్ట్రాన్ ఒక ప్రోటాన్‌ను పూర్తిగా కప్పేస్తుందని, ఒకే కర్పరంలోని ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి అసలు అడ్డురావని దీని ఊహ. మిగిలినదే బయటి ఎలక్ట్రాన్‌కు తగిలే ప్రభావక కేంద్రక ఆవేశం. సోడియంకి 11 − 10 = 1, మెగ్నీషియంకి 2, అల్యూమినియంకి 3, అలా క్లోరిన్‌కి 7. పీరియడ్‌లో పరమాణువు ఎందుకు కుంచించుకుపోతుందో ఇది ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది. కానీ గాలియం దగ్గరికి వస్తే 31 − 28 = 3, అంటే అల్యూమినియంకి వచ్చినదే. లాగే బలం అంతే, కర్పరం మాత్రం ఇంకా బయటిది. కాబట్టి గాలియం చాలా పెద్దదని ఈ పద్ధతి చెబుతుంది. అది తప్పు.

రెండోది 1930లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త జాన్ స్లేటర్ ఇచ్చిన నియమాలు. ఇక్కడ అడ్డు ముక్కలుముక్కలుగా ఉంటుంది. బయటి s లేదా p ఎలక్ట్రాన్‌కు అదే కర్పరంలోని ఒక్కో తోటి ఎలక్ట్రాన్ 0.35 మేర అడ్డు. ఒక మెట్టు లోపలి కర్పరంలోది 0.85, ఇంకా లోపలిది పూర్తిగా 1. ఈ అంకెల వెనక భౌతికశాస్త్రం సూటిగానే ఉంది. గోళాకారంగా పరుచుకున్న ఆవేశం తన బయట ఉన్న ఎలక్ట్రాన్‌కు కేంద్రకాన్ని మరుగు చేస్తుంది, తన లోపల ఉన్న ఎలక్ట్రాన్‌ను మాత్రం ఎటూ లాగదు. ఒకే కర్పరంలోని రెండు ఎలక్ట్రాన్లలో కాసేపు ఇది లోపల, కాసేపు అది లోపల. అందుకే వాటి మధ్య అడ్డు పాక్షికం.

సోడియంకి లెక్క వేస్తే: 11 − (8 × 0.85 + 2 × 1) = 2.2. మెగ్నీషియంలో ఒక ప్రోటాన్ పెరుగుతుంది, అడ్డు 0.35 పెరుగుతుంది, కాబట్టి 2.85. అల్యూమినియం 3.5. ఒక్కో అడుగుకు 0.65 లాభం కేంద్రకానిదే. పీరియడ్ అడ్డంగా జరిగేదంతా ఈ 0.65లోనే ఉంది. బయటి ఎలక్ట్రాన్ మేఘం ఎక్కడ దట్టంగా ఉంటుందో కూడా దీంతో అంచనా వేయొచ్చు. కర్పరం సంఖ్యను n అనుకుంటే, హైడ్రోజన్ పరమాణువు బోర్ వ్యాసార్ధమైన 52.9 పికోమీటర్లను n² తో గుణించి, ప్రభావక ఆవేశంతో భాగిస్తే చాలు. నాలుగో కర్పరానికి మాత్రం n బదులు 3.7 వాడమన్నాడు స్లేటర్. సోడియంకి 216, మెగ్నీషియంకి 167, అల్యూమినియంకి 136 వస్తాయి. లోహ వ్యాసార్ధాలు వరుసగా 186, 160, 143. ఇవి కొలిచే విధానమే వేరు కనుక అంకెలు కలవాల్సిన పనిలేదు, దిశ కలవాలి. అది కలిసింది.

ఇక గాలియం. సోడియంకి 2.2 వస్తే దాని కింద పొటాషియంకీ 2.2 వస్తుంది. మెగ్నీషియంకి 2.85, కాల్షియంకీ 2.85. ఇంతవరకు కొత్తగా చేరిన ప్రోటాన్లను కొత్త ఎలక్ట్రాన్లు సరిగ్గా కప్పేశాయి. తర్వాత స్కాండియం నుంచి జింక్ వరకు పది మూలకాలు ఉన్నాయి, మూడో పీరియడ్‌లో వాటికి జోడీలే లేవు. ఈ పదింటిలో కొత్త ఎలక్ట్రాన్ బయటికి పోకుండా లోపలి 3d లో చేరుతుంది. ఒక్కోటి 0.85 మాత్రమే కప్పుతుంది, 0.15 మిగిలిపోతుంది. ఒక్క అడుగులో ఇది కనిపించదు, అందుకే స్కాండియం తర్వాతి మూలకాల్లో పరిమాణం నెమ్మదిగా మారుతుంది. పది అడుగులు కలిస్తే మాత్రం 1.5. దాన్ని అల్యూమినియం 3.5కి కలపండి, గాలియంకి 5.0 వస్తుంది. వ్యాసార్ధం అల్యూమినియంకి 136, గాలియంకి 145. ఇదే సూత్రంలో మొదటి పద్ధతి ఆవేశం 3 పెడితే 159 నుంచి 241కి ఎగబాకుతుంది. పెరిగిన కర్పరాన్ని 3d వదిలేసిన ఆవేశం దాదాపు మింగేసిందన్నమాట. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చేది ఈ లెక్కే, ఎందుకంటే 1.5 ఎక్కడి నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపించొచ్చు.

అయితే పరిమాణంలో గెలిచిన స్లేటర్ శక్తి దగ్గర ఓడిపోతాడు. ఎలక్ట్రాన్ తీసేశాక మిగతావాటి శక్తీ మారుతుంది కనుక పరమాణువు మొత్తం శక్తికీ అయాన్ మొత్తం శక్తికీ తేడా తీయాలి. అలా చేస్తే మెగ్నీషియంకి 9.1, అల్యూమినియంకి 10.7 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. నిజానికి మెగ్నీషియంకి 7.65, అల్యూమినియంకి 5.99. అంకెలు ఎక్కువ రావడం పెద్ద విషయం కాదు. ఇక్కడ దిశే తప్పింది: నిజంలో తగ్గేది లెక్కలో పెరిగింది. గాలియంకైతే 17.6 వస్తుంది, దాన్ని వాడుకోలేం. కారణం ఏమిటంటే స్లేటర్ s, p రెండింటినీ ఒకే గుంపులో పెట్టాడు. మెగ్నీషియం నుంచి పోయేది 3s ఎలక్ట్రాన్, అల్యూమినియం నుంచి పోయేది 3p. ఈ నియమాలకు ఆ తేడా తెలియదు.

మూడో పద్ధతి వెనక నుంచి వస్తుంది. కొలిచిన అయనీకరణ శక్తిని హైడ్రోజన్ అయనీకరణ శక్తి 13.6తో భాగించి, వర్గమూలం తీసి, n తో గుణిస్తే ఆ ఎలక్ట్రాన్‌కు సగటున ఎంత ఆవేశం తగులుతోందో తెలుస్తుంది. సోడియంకి 1.84, మెగ్నీషియంకి 2.25, అల్యూమినియంకి 1.99. అల్యూమినియం దగ్గర పడిన గుంట ఇక్కడ కనిపిస్తోంది. కానీ అయనీకరణ శక్తిలోంచి తీసిన అంకెతో అయనీకరణ శక్తినే వివరించడం కుదరదు, అది చుట్టూ తిరిగి అక్కడికే రావడం. ఈ పద్ధతి అసలు బలం వేరేచోట ఉంది: ఒకే పరమాణువులో ఒకే ఎలక్ట్రాన్‌ను వేర్వేరు ఆర్బిటాళ్లలో పెట్టి చూడటంలో.

దానికి సోడియం చక్కగా సరిపోతుంది. బయటి ఎలక్ట్రాన్ 3s లో ఉంటే దాన్ని ఊడదీయడానికి 5.14 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. దాన్ని 3p కి ఎక్కిస్తే 3.04 చాలు. ఈ రెండింటి తేడా 2.10, అదే 589 నానోమీటర్ల పసుపు కాంతి. 3d కి ఎక్కిస్తే 1.52 చాలు. ఇప్పుడు ఆవేశాలు తీస్తే 3s కి 1.84, 3p కి 1.42, 3d కి 1.00. కేంద్రకం అదే, లోపలి పది ఎలక్ట్రాన్లూ అవే, n కూడా 3 అదే. మారింది ఒక్కటే, లోపలి గుంపులోకి ఆ ఎలక్ట్రాన్ ఎంత చొచ్చుకుపోతుందన్నది. 3d దాదాపు లోపలికి రాదు, అందుకే దానికి 11 − 10 = 1 అనే మొదటి పద్ధతి సరిగ్గా సరిపోయింది. 3s కేంద్రకం దాకా వచ్చిపోతుంది. వచ్చినప్పుడల్లా ఆ పది ఎలక్ట్రాన్ల అడ్డులో కొంత దాని వెనకే ఉండిపోతుంది. 3p ఈ రెండింటికీ మధ్యస్థం. అడ్డు అన్నది లోపలి ఎలక్ట్రాన్ల గుణం మాత్రమే కాదని, బయటి ఎలక్ట్రాన్ ఏ ఆర్బిటాల్‌లో ఉందో కూడా దాన్ని నిర్ణయిస్తుందని ఇంత సూటిగా చెప్పే ఉదాహరణ నాకు ఇంకోటి తెలియదు.

అల్యూమినియం గుంటకు కారణం ఇదేనని ఎలా తేల్చుకోవాలి? రెండో ఎలక్ట్రాన్‌ను కూడా తీసి చూడాలి. ఇప్పుడు మెగ్నీషియం అయాన్ నుంచీ 3s ఎలక్ట్రానే పోతుంది, అల్యూమినియం అయాన్ నుంచీ 3s ఎలక్ట్రానే. రెండో అయనీకరణ శక్తులు 15.04, 18.83. గుంట మాయమై, అదనపు ప్రోటాన్ ఉన్న అల్యూమినియంకి మళ్లీ పైచేయి వచ్చింది.

కాబట్టి నా ఎంపిక ఇది. పరిమాణం గురించిన ప్రశ్నకు, ముఖ్యంగా d మూలకాలు దాటిన తర్వాత, స్లేటర్ మేలు. చేత్తో లెక్క వేయొచ్చు, ప్రతి అంకెకూ కారణం ఉంటుంది. పక్కపక్క మూలకాల అయనీకరణ శక్తుల్లో గుంట కనిపిస్తే స్లేటర్‌ను పక్కనపెట్టి, పోతున్న ఎలక్ట్రాన్ s లోదా p లోదా అని ముందు చూసి, సోడియం అంకెలతో ఆలోచించడం మేలు. లోపలి ఎలక్ట్రాన్లన్నీ తీసేసే మొదటి పద్ధతిని ఒకే పీరియడ్ లోపల దిశ చెప్పడానికి మాత్రమే వాడతాను, గ్రూపులో రెండు మూలకాలను పోల్చడానికి వాడను.

ఈ మూడూ వివరించలేని గుంట ఒకటి అదే పీరియడ్‌లో ఉంది. ఫాస్ఫరస్ మొదటి అయనీకరణ శక్తి 10.49, దాని పక్కనున్న సల్ఫర్‌ది 10.36. పోయేది రెండింట్లోనూ 3p ఎలక్ట్రానే కనుక చొచ్చుకుపోవడంలో తేడా చెప్పుకోవడానికి లేదు. ఫాస్ఫరస్‌లో మూడు 3p ఎలక్ట్రాన్లు మూడు ఆర్బిటాళ్లలో విడివిడిగా ఉన్నాయి. సల్ఫర్‌లో నాలుగోది ఇంకొకదానితో ఒకే ఆర్బిటాల్ పంచుకోవాలి, ఆ దగ్గరితనంలో వికర్షణ ఎక్కువ. ఆ జతలో ఒకటి పోయాక చూస్తే రెండో అయనీకరణ శక్తి ఫాస్ఫరస్‌కి 19.77, సల్ఫర్‌కి 23.34.