పాయింట్లా, జెండాలా, తాళాలా: విజువల్ నవలలో రూట్ ఏ పద్ధతిలో వేస్తే మేలు?

విజువల్ నవల అంటే బొమ్మలతో పాటు కథ చదువుతూ, మధ్యమధ్యలో మనమే ఎంపికలు చేసే ఆట. 2012లో ఉచితంగా వచ్చిన అలాంటి ఆట ‘కతావా షోజో’లో హిసావో అనే కుర్రాడు గుండె జబ్బుతో కొత్త స్కూల్లో చేరతాడు. మొదటి అంకంలో మనం ఎంచుకునే మాటలను బట్టి అయిదుగురు అమ్మాయిల్లో ఒకరి కథలోకి వెళతాం. ఎవరితోనూ చనువు కుదరకపోతే మాత్రం కెంజీ అనే పక్కగది కుర్రాడితో డాబా మీద తాగుతూ కూర్చుని, అక్కడి నుంచి కిందపడి చచ్చిపోతాం. ఎక్కడ తప్పు చేశామో ఆట చెప్పదు. తొలిసారి ఆ ముగింపు చూసి నవ్వేవాళ్లూ ఉంటారు, విసుక్కుని మూసేసేవాళ్లూ ఉంటారు. ఆ రెండు రకాల పాఠకులకూ మధ్య తేడా తెచ్చేది తెర వెనకాల జరిగే చిన్న లెక్క.

జపాన్‌లో ఈ లెక్కను ‘ఫ్లాగ్’ అంటారు. ప్రోగ్రామర్ల మాటే పాఠకుల నోటికి వచ్చింది. ఒక పాత్ర కథ తెరుచుకునే పని మనం చేస్తే ‘జెండా లేచింది’ అంటారు, ఆ అవకాశం పోగొట్టుకుంటే ‘జెండా విరిగింది’ అంటారు. అందరికీ ఒకేలా నడిచే మొదటి భాగం కామన్ రూట్, అక్కడి నుంచి చీలిన పాయ ఒక్కో పాత్ర రూట్. చీలికను ఎలా తేల్చాలన్నదే ప్రశ్న.

మొదట పాయింట్ల పద్ధతి. ఎవరి పక్షాన మాట్లాడితే వాళ్లకు ఒక మార్కు, కామన్ రూట్ చివర్లో ఎవరివి ఎక్కువైతే వాళ్ల కథ. వినడానికి న్యాయంగానే ఉంటుంది. విజువల్ నవలలు తయారుచేసే రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్‌లో నేను రాసుకున్న చిన్న కథలో ఇదే పెట్టాను. మీనా, సుధ అని ఇద్దరు. నాలుగు చోట్ల ఎంపిక, ప్రతి చోటా ఒకరికి ఒక పాయింటు. చివర్లో ఈ ముక్క:

```
if meena >= 2:
    jump meena_route
elif sudha >= 2:
    jump sudha_route
else:
    jump ontari_end
```

మా తమ్ముడు ఆడి చూసి, “అన్నా, చివర్లో గొడుగు సుధకే ఇచ్చాను కదా, మీనా కథ ఎందుకొచ్చింది?” అన్నాడు. కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. నాలుగు ఎంపికలు, ఒక్కోదానికి రెండు దారులు, మొత్తం 16 దారులు. మీనాకు రెండు లేదా అంతకన్నా ఎక్కువ వచ్చే దారులు 11. సుధకు మిగిలినవి 5 మాత్రమే. ఇద్దరికీ చెరో రెండు పాయింట్లు వచ్చే 6 దారులూ, పైన ఉన్న షరతు మీనాది కాబట్టి ఆమె ఖాతాలోకే పోయాయి. పైగా ఒంటరి ముగింపుకి చేరే దారే లేదు. ఆ ముగింపు కోసం ఒక వారం కష్టపడి రాశాను!

హద్దును మూడుకు పెంచితే? అప్పుడు మీనాకు 5, సుధకు 5, ఎవరికీ చెందని దారులు 6. అంటే ఇద్దరితోనూ సమానంగా మంచిగా మాట్లాడినవాడికి శిక్ష. చివరకు నేను చేసింది ఏమిటంటే, చెరో రెండు వస్తే గొడుగు ఎవరికిచ్చాడో అదే తేల్చేలా మార్చాను. అప్పుడు 8, 8గా సరిపోయింది, మా తమ్ముడి ఫిర్యాదూ తీరింది. ఒంటరి ముగింపును మాత్రం పక్కన పెట్టేశాను. పాయింట్ల పద్ధతిలో ఇలాంటి తప్పు కథ చదివితే కనపడదు. అన్ని దారులూ లెక్కపెడితేనే కనపడుతుంది. ఆడుతున్నప్పుడు Shift+D నొక్కితే తెరుచుకునే డెవలపర్ మెనూలో వేరియబుల్స్ విలువలు చూపించే వసతి ఉంది, ఎక్కడ ఎంత కలుస్తోందో దానిలో చూసుకోవచ్చు.

రెండోది అచ్చమైన జెండా. మార్కులుండవు, పని జరిగిందా లేదా అన్నదే గుర్తుంచుకుంటాం.

```
default godugu_ichadu = False

menu:
    "గొడుగు ఇవ్వు":
        $ godugu_ichadu = True
    "పరిగెత్తుకుంటూ వెళ్లిపో":
        pass
```

దీని బలం ఏమిటంటే పాఠకుడికి గుర్తుంటుంది. వారం తర్వాతి సన్నివేశంలో సుధ ఆ గొడుగు తిరిగిచ్చిందంటే, ‘ఓహో, ఆ రోజు నేనిచ్చాను’ అనిపిస్తుంది. మార్కు వేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు కదా. అయితే జెండాలను దండగా గుచ్చితే ప్రమాదం. సుధ రూట్‌కి మూడు జెండాలూ లేవాలని షరతు పెట్టామనుకోండి, 8 దారుల్లో ఒక్కటే తెరుచుకుంటుంది. ఒకటి తప్పితే ఎక్కడ తప్పిందో తెలీదు. అప్పుడు పాఠకుడు కథ చదవడం మానేసి, ఎక్కడ ఏది నొక్కాలో రాసిపెట్టిన పట్టీ వెతుక్కుంటాడు. అందుకే రూట్‌ని తేల్చే జెండా ఒక్కటే ఉండాలని, మిగిలినవి సంభాషణలో రంగు మార్చడానికి మాత్రమే వాడాలని నా అభిప్రాయం. ఇంకో సంగతి: పై కోడ్‌లో `default` అని రాసింది ఊరికే కాదు. కొత్త జెండాను కథ మధ్యలో మాత్రమే సృష్టిస్తే, పాత వెర్షన్‌లో ఆ చోటు దాటి సేవ్ చేసుకున్నవాళ్లు తిరిగి తెరిచి ఆడుతుంటే, ఆ జెండాను అడిగే చోట ఆ పేరే లేదంటూ ఆట ఆగిపోతుంది.

మూడోది తాళం. 2004లో వచ్చిన ‘ఫేట్/స్టే నైట్’ దీనికి మంచి ఉదాహరణ. అందులో మూడు రూట్లు. ముందు సేబర్ కథ పూర్తి చేస్తేనే రిన్‌ది తెరుచుకుంటుంది, అది అయ్యాకే సకురాది. పాఠకుడి ఇష్టాన్ని లాగేసుకున్నట్టు కనిపిస్తుంది, కానీ కారణం ఉంది. మొదటి రూట్‌లో విడమరచకుండా వదిలేసిన ఒక యోధుడి రహస్యం రెండోదానిలో బయటపడుతుంది. అది ముందే తెలిసిపోతే మొదటిదాంట్లో సగం బరువు పోతుంది. లోపల తప్పు ఎంపిక చేసి చనిపోతే ‘టైగర్ డోజో’ అనే సరదా సన్నివేశంలో టీచరమ్మ వచ్చి ఎక్కడ జారామో తిట్టి చెబుతుంది. కతావా షోజో డాబా ముగింపు దగ్గర లేనిది ఇదే.

మరి ఏది మేలు? పాత్రల కథలు ఒకదానికొకటి సంబంధం లేకుండా, ఎవరిది ముందు చదివినా పర్వాలేదంటే జెండా ఒక్కటి చాలు. స్కూలు, హాస్టల్ రోజుల్లాంటి నెమ్మది కథకు, చనువు కొంచెం కొంచెంగా పెరగాలంటే పాయింట్లు బాగుంటాయి, కాకపోతే సమానం వచ్చే దారులను ముందే లెక్కేసుకోవాలి. ఒక రహస్యం చుట్టూ అల్లిన కథైతే తాళం తప్పదు. మొదటిసారి రాసేవాళ్లకు నేనైతే జెండానే చెబుతాను. తాళానికి పెద్ద కథ కావాలి, చిన్నదానికి వేస్తే రెండోసారి చదవమని బలవంతపెట్టినట్టే ఉంటుంది.

తాళం వేసేవాళ్లకు ఒక జాగ్రత్త. ఆట కొత్తగా మొదలుపెడితే మామూలు వేరియబుల్ తొలి విలువకు వెళ్లిపోతుంది, కాబట్టి ఫలానా రూట్ పూర్తయిందన్న గుర్తును `persistent`లో దాచాలి:

```
$ persistent.sudha_done = True
```

ఈ లైన్‌ని ముగింపు సన్నివేశంలో చిట్టచివర పెట్టండి. నేను మొదట్లో పెట్టాను. పాఠకుడు ఒక్క డైలాగు చూసి వెనక్కి తిప్పినా, మామూలు వేరియబుల్స్ వెనక్కి వెళతాయి గానీ ఈ గుర్తు వెళ్లదు. సుధ చివరి మాట వినకుండానే తర్వాతి తాళం తెరుచుకుని కూర్చుంది.