భక్తి ఛానల్‌కి ఇంట్రో, ఎండ్ కార్డ్: రెండేళ్లు వాడాక తేలిందేంటంటే

మాది హనుమకొండలో చిన్న భజన మండలి, దాని పేరుతోనే ఒక యూట్యూబ్ ఛానల్. బాబాయి పాడతాడు, ఇంకో ఆరుగురు వంత అందుకుంటారు, నేను ఫోన్‌లో తీసి కైన్‌మాస్టర్‌లో కోసి శుక్రవారం పొద్దున ఎక్కిస్తా. రెండేళ్లలో మూడు రకాల ఇంట్రోలు, రెండు రకాల ఎండ్ కార్డులు వాడాం. మొదటివి చూసేవాళ్లకి అడ్డం పడ్డాయి, ఇప్పుడున్నవి పడట్లేదు. ఏది ఎందుకు మార్చానో రాస్తున్నా, మీరూ భక్తి ఛానల్ నడుపుతుంటే పనికొస్తుంది.

మొదటి ఇంట్రో 14 సెకన్లు. ఫ్లెక్సీలు చేసే ఒక షాపులో డబ్బులిచ్చి చేయించాం. బంగారు రేణువులు ఎగురుకుంటూ వచ్చి కాకతీయ తోరణంగా మారతాయి, శంఖం ఊదుతుంది, గంట మోగుతుంది, తర్వాత మండలి పేరు ఒక్కో అక్షరంగా వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి చూసినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం, అబద్ధమెందుకు. తోరణం రాష్ట్ర చిహ్నంలో కూడా ఉంది కదా, మా మరదలు చూసి "ఇది ప్రభుత్వ పథకం యాడ్ లెక్కుంది బావా" అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాం.

అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చే ఆ యానిమేషన్‌ది ఇంకో తంటా. ఆ టెంప్లేట్లు ఇంగ్లీషు కోసం చేసినవి. తెలుగు పేరు టైప్ చేస్తే ఒక్కో కోడ్‌ని ఒక్కో అక్షరం అనుకుని విడగొడతాయి. మా పేరులో "భక్తి" ఉంది. మొదట "భ" వచ్చింది, తర్వాత "క" ఒక్కటే, తర్వాత పొల్లు, ఆ తర్వాత "త", చివర్లో గుడి, అన్నీ దేనికది విడిగా నిలబడి, ఆఖరి క్షణంలో కలుసుకున్నాయి. అర సెకను పాటు తెరమీద ఉన్నది తెలుగే కాదు. ఇప్పుడు పేరంతా రామభద్ర ఫాంటులో ఒకే బొమ్మగా, వెనక ఏమీ లేని పీఎన్‌జీగా చేసుకుని, ఆ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారే పైకి తెస్తున్నా. వత్తు విడిపోయే ప్రసక్తే లేదు.

అయితే అసలు దెబ్బ అందంలో కాదు, నిడివిలో. భక్తి పాటలు చూసే తీరే వేరు. సినిమా ముచ్చట్ల వీడియో ఎవరైనా ఒకసారి చూసి వదిలేస్తారు. మా పాటలు పెద్దవాళ్లు పొద్దుగాల దీపం పెట్టి ప్లేలిస్ట్ ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఒక్కో పాట ఐదు నిమిషాలు అనుకుంటే అరగంట పూజలో అదే శంఖం, అదే గంట ఆరుసార్లు. ప్రతి శుక్రవారం అంతే. ఛానల్ పేరు వాళ్లకి ఎప్పుడో తెలుసు, మేం మళ్లీ మళ్లీ చెప్పుకుంటున్నాం. మా వాడలో ఒక అవ్వ నన్ను ఆపి మరీ అంది: "బిడ్డా, మీ పాట మంచిగుంటది గని, పాట పాటకు ఆ గంట కొడ్తవ్ సూడు, గుండెల్ల దడ్‌మంటది. నా చేతులకు పసుపు ఉంటది, ఫోన్ ఎట్ల ముట్టుకోవాలె?"

ఆ గంట గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను చాలా రోజులు తప్పుగా అనుకున్నా. సౌండ్ ఎక్కువైతే యూట్యూబే తగ్గిస్తుంది కదా అనుకునేవాడిని. తగ్గిస్తుంది, కానీ వీడియో మొత్తానికి కలిపి ఒక లెక్క చూసి మొత్తాన్నీ ఒకే పాళ్లలో తగ్గిస్తుంది. లోపల గంట ఎక్కువ, పాట తక్కువ అయితే ఆ తేడా అట్లాగే మిగులుతుంది. ఐదు నిమిషాల పాటలో 14 సెకన్ల గంట ఆ లెక్కలో పెద్దగా తేలదు కూడా. బాబాయి గొంతుకి సరిపోయేట్టు అవ్వ వాల్యూమ్ పెంచుకుంటుంది, తర్వాతి పాట మొదట్లో గంట ఆ పెంచిన వాల్యూమ్‌లోనే పడుతుంది. ఎడిటింగ్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట మధ్యలో ఒక ముక్క, ఇంట్రో ఒక ముక్క పక్కపక్కన విని చూస్తేనే పట్టుబడింది.

దాంతో రెండో ఇంట్రో 5 సెకన్లకి కుదించా, గంట తగ్గించి చిన్న ఫ్లూట్ బిట్ పెట్టా. ఈసారి బాబాయికి కోపం వచ్చింది. ఆయన ఒకటిన్నర శృతిలో పాడతాడు, కొన్ని పాటలు పిన్ని అందుకుంటే ఐదున్నర. ఫ్లూట్ బిట్ వేరే శృతిలో ఉంది. అది ఆగిన వెంటనే తంబుర మొదలైతే చెవికి రాయి తగిలినట్టు ఉంటుంది. నాకు సంగీతం రాదు కాబట్టి నాకు తెలియలేదు, పాడేవాళ్లకి మాత్రం ఒక్క నిమిషం పట్టలేదు. ప్రతి శృతికి ఒక ఇంట్రో చేసుకోవచ్చు, చేశా కూడా, కానీ ఏ పాటకి ఏదో గుర్తుపెట్టుకోలేక రెండుసార్లు తప్పుది అంటించా. చివరికి ఇంట్రోకి సొంత సంగీతమే తీసేశా.

ఇప్పుడు వాడుతున్న మూడోదాన్ని ఇంట్రో అనాలో వద్దో కూడా తెలియదు. పాట ముందు ఏమీ ఉండదు. ప్లే నొక్కగానే ఆ పాట తంబురే వినిపిస్తుంది, దీపం కనిపిస్తుంది. బాబాయి పల్లవి మొదటి లైను అందుకున్నాక, సుమారు పదో సెకను దగ్గర, ఎడమవైపు కింద మండలి పేరు మెల్లగా తేలి, మొత్తం రెండున్నర సెకన్లు ఉండి, మెల్లగా పోతుంది. శబ్దం లేదు, వెనక పాట ఆగదు. మొదట్లో సున్నా సెకనులోనే పెట్టేవాడిని. కానీ తంబ్‌నెయిల్ చూసి వచ్చినవాళ్లు మొదటి క్షణాల్లో వెతుక్కునేది మన పేరు కాదు, వాళ్లు నొక్కిన పాట అదేనా కాదా అని. అది ఖాయమయ్యాక పేరు చూపిస్తే అడ్డం కాదు.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ఫోన్ చేతిలో పట్టుకుని చూసుకోవాల్సిందే. పూర్తిగా కింద పెడితే, స్క్రీన్ ముట్టుకున్నప్పుడు వచ్చే ఎర్ర గీత పేరు మీద పడుతుంది. 1080 ఎత్తు ఫ్రేములో కింద ఓ 150 పిక్సెల్స్ వదిలి పైన పెట్టా. ఫోన్ నిలువుగా పట్టుకుంటే వీడియో చిన్నదైపోతుంది, అప్పుడు కూడా వత్తులు కనపడాలంటే అక్షరం ఎత్తు 90 పిక్సెల్స్ కంటే తగ్గించకూడదని నా అనుభవం. సన్నని ఫాంట్లు కంప్యూటర్‌లో బాగుంటాయి, దీపం వెలుగు మీద మాయమైపోతాయి.

తేడా వచ్చిందా అంటే, యూట్యూబ్ స్టూడియోలో వీడియో అనలిటిక్స్‌కి వెళ్తే ఎంతమంది ఎంతవరకు చూశారో గీత ఉంటుంది. వీడియో కనీసం 60 సెకన్లు, వ్యూస్ కనీసం 100 ఉంటే మొదటి 30 సెకన్లు దాటి ఎందరు నిలిచారో కూడా అక్కడే విడిగా చెబుతుంది. 14 సెకన్ల ఇంట్రో ఉన్న పాటల్లో గీత మొదట్లోనే గోడ దిగినట్టు దిగి, 14 దగ్గర చిన్నగా పైకి లేస్తుంది. ముందుకు జరుపుకున్నవాళ్లు వచ్చి పడే చోటు అది. కొత్త పాటల్లో ఆ గుబ్బ లేదు, వాలు మాత్రం ఉంది. మొదట్లో కొందరు పోవడం ఎట్లాగూ ఉంటుంది, దాన్ని పేరు బొమ్మ ఏమీ చేయలేదు.

ఇక ఎండ్ కార్డ్. వీడియో 25 సెకన్లకి తక్కువ ఉండకూడదు, చివరి 5 నుంచి 20 సెకన్లలోనే పెట్టాలి, మామూలు అడ్డం వీడియోకి నాలుగు పెట్టెల దాకా పడతాయి. మొదట్లో నేను నాలుగూ పెట్టి, 20 సెకన్లూ వాడేశా, అదీ నడుస్తున్న హారతి మీదే. వచ్చిన మొదటి కామెంటు: "అమ్మవారి పాదాల మీద సబ్‌స్క్రైబ్ బటన్ ఏంటండీ?" వెళ్లి చూస్తే నిజమే, గుండ్రంగా సరిగ్గా పాదాల మీద. ఒక స్తోత్రం వీడియోలో అయితే పెట్టెలు తెరమీది ఫలశ్రుతి లైన్లనే కప్పేశాయి. చూసి చదువుకునేవాళ్లు చివరి నాలుగు లైన్లు ఏం చదవాలి?

ఇప్పటి పద్ధతి: పాట అయిపోయాక ఇంకో 15 సెకన్లు తంబుర, తాళాలు ఆగకుండా సాగనిస్తా. ఆ 15 సెకన్లకి ఎప్పుడూ ఒకే పలక. ఎడమ సగంలో దీపం వెలుగుతూ ఉంటుంది, కుడి సగం ముదురు కుంకుమ రంగు ఖాళీ, అందులో ఒక ప్లేలిస్ట్ పెట్టె, కింద సబ్‌స్క్రైబ్ గుండ్రం, అంతే. దేవుడి బొమ్మ ఆ పలకలోనే లేదు కాబట్టి దేని మీదా ఏదీ పడదు. ఆ పెట్టెలో నేనే ఎంచిన ప్లేలిస్ట్ పెడతా, శుక్రవారం పాటకి అమ్మవారి పాటలు, సోమవారం అయితే శివుడివి. స్టూడియోలో పాత వీడియో నుంచి ఎండ్ స్క్రీన్ దింపుకునే సదుపాయం ఉంది, పలక మారదు కాబట్టి ప్రతిసారీ అదే దింపి ప్లేలిస్ట్ మారుస్తా, రెండు నిమిషాల పని. "మా వీడియో నచ్చితే లైక్ చేయండి" అని బాబాయి చేత చెప్పించడం మానేశాం. ఆ మాట వినపడగానే అయిపోయిందనుకుని జనం లేచిపోతున్నారు, తంబుర నడుస్తుంటే మాత్రం కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటూ కూర్చుంటారు.

పాత వీడియోల సంగతి అడుగుతారని తెలుసు. ఎక్కించిన వీడియో లింకు అట్లాగే ఉంచి ఫైలు మార్చడం కుదరదు, కానీ స్టూడియో ఎడిటర్‌లో ట్రిమ్ చేసి మొదటి 14 సెకన్లు తీసేయొచ్చు, వ్యూస్, కామెంట్లు ఎక్కడికీ పోవు. సేవ్ చేశాక తయారవడానికి గంటలు పట్టొచ్చు, శుక్రవారం పొద్దున మాత్రం మొదలుపెట్టకండి. డిస్క్రిప్షన్‌లో టైములు రాసి ఉంటే అవి వాటంతట అవి మారవు. మా స్తోత్రం వీడియోలో రెండో శ్లోకం నొక్కితే మధ్యలోకి వెళ్లి పడేది, అన్నింట్లోంచి 14 తీసి మళ్లీ రాసుకున్నా.

ఒక్క పాట మాత్రం ట్రిమ్ కాలేదు. 1,00,000 వ్యూస్ దాటిన వీడియోలో, ఛానల్ యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేకపోతే, ఇట్లాంటి కోతలు సేవ్ కాకపోవచ్చు, మాది యూట్యూబ్ నుంచి డబ్బులు తీసుకోని మండలి ఛానల్. మాకు బాగా ఆడిన ఒకే ఒక్క పాట అది, ఐనవోలు మల్లన్న మీద. బంగారు రేణువులు, తోరణం, శంఖం, గంట, విడిపోయిన "భక్తి" అన్నీ దాంట్లో ఇంకా అట్లాగే ఉన్నాయి. కింద ఎవరో "పాట 0:14 నుంచి" అని కామెంటు పెట్టారు, అందరూ అది నొక్కి నేరుగా పాటకి పోతున్నారు. నేను దాన్ని పిన్ చేసి పెట్టా.